గుణుపూర్ రైస్ మిల్లులో 400 ఆంపియర్ల ఎంసీసీబీ, దాని కింద హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులు: కొన్నేళ్లు వాడిన తర్వాత

ఒడిశాలోని రాయగడ జిల్లా గుణుపూర్ దగ్గరున్న మా రైస్ మిల్లుకు 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మెయిన్ ప్యానెల్‌లో ఇన్‌కమర్‌గా 400 ఆంపియర్ల థర్మల్ మాగ్నెటిక్ ఎంసీసీబీని, అంటే కరెంటు హద్దు దాటితే తనంతట తానే తెరుచుకునే బ్రేకర్‌ను, దాని కింద ఒక్కో ఫీడర్‌కు పెద్ద షార్టులనూ తెంచగల హెచ్‌ఆర్‌సీ ఫ్యూజులను పెట్టించాము. షెల్లర్‌కు 100 ఆంపియర్లు, ఆరబెట్టే కళ్లానికి అవతల షెడ్డులో ఉన్న 75 కిలోవాట్ల పాలిషర్‌కు 200 ఆంపియర్ల ఫ్యూజులు ఉన్నాయి. ఈ జోడీని వాడమని నేను ఇతరులకు చెప్పగలను, కానీ ఎంత కరెంటుకు పడిపోవాలో నిర్ణయించే ఎంసీసీబీ డయల్‌ను ఎవరూ సరిచూడకపోతే ఫ్యూజులకు పెట్టిన డబ్బు చాలావరకు వృథా అవుతుంది.

ఒక వానాకాలంలో పాలిషర్ మోటారు టెర్మినల్ పెట్టెలో రెండు ఫేజులు కలిసిపోయాయి. పోవలసింది ఆ ఫీడర్ ఫ్యూజు, కానీ ఎంసీసీబీ పడిపోయి మిల్లు మొత్తం ఆగింది, ఎలివేటర్లలో ధాన్యం నిండుగా ఉండిపోయింది. ఫ్యూజులు తీసి చూస్తే మూడూ బాగానే ఉన్నాయి. మా ఎలక్ట్రీషియన్‌తో కూర్చుని ఫ్యూజు, ఎంసీసీబీ రెండూ ఎంత కరెంటుకు ఎంత సేపట్లో తెగుతాయో చూపే టైమ్ కరెంట్ కర్వులను ఒకే లాగ్ కాగితం మీద, అడ్డంగా కరెంటూ నిలువుగా సమయమూ వేసి గీసిన తర్వాతే కారణం కనిపించింది.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంపీడెన్స్ 4.5 శాతం, పాలిషర్‌కు వెళ్లే కేబుల్ సుమారు 120 మీటర్ల పొడవున్న 70 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం. ఈ లెక్కన ఆ చివర రెండు ఫేజుల మధ్య షార్ట్ అయితే పారే కరెంటు దాదాపు 2,800 ఆంపియర్లు. ఆ కరెంటుకు 200 ఆంపియర్ల ఫ్యూజు కరగడానికి సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ పడుతుంది. షార్ట్‌కు ఎంసీసీబీని వెంటనే పడేసే మాగ్నెటిక్ డయల్ మాత్రం అతి తక్కువ స్థానంలో, అంటే రేటింగ్‌కు 5 రెట్ల దగ్గర, 2,000 ఆంపియర్ల మీద ఉంది. ఆ గీత దాటగానే బ్రేకర్ సెకనులో వందో వంతులలోనే తెరుచుకుంటుంది కనుక ఫ్యూజుకు అవకాశమే దక్కలేదు. కాగితం మీద ఫ్యూజు గీత 2,000 ఆంపియర్ల దగ్గర బ్రేకర్ గీతను దాటి పైకి పోయింది. ఈ రెండూ ఒకదానినొకటి కోసే చోటే లోపం ఉంటుంది.

డయల్‌ను 10 రెట్లకు, అంటే 4,000కు జరిపాము. మాగ్నెటిక్ రిలీజుకు 20 శాతం తేడా ఉండవచ్చు కనుక అది 3,200 దగ్గరే పడిపోవచ్చని లెక్కించాలి. పాలిషర్ షార్ట్ 2,800, అదే సమయంలో మిగతా ఫీడర్లు తీసుకునే 150, కలిపి 2,950. సందు చిన్నదే, కానీ సరిపోయింది. తర్వాత అదే కేబుల్‌లో మరొకసారి షార్ట్ వచ్చినప్పుడు ఫ్యూజులు పోయాయి, మిగతా మిల్లు నడుస్తూనే ఉంది. డయల్‌ను ఇలా పెంచేటప్పుడు బస్‌బార్ల దగ్గర షార్ట్ వస్తే బ్రేకర్ వెంటనే పడుతుందో లేదో కూడా చూడాలి. మా దగ్గర అక్కడ 6,000 ఆంపియర్లకు పైనే పారుతుంది కనుక, పైవైపు తేడాతో 4,800 అయినా ఇబ్బంది లేదు.

ఈ పద్ధతి ఎంతవరకు పనిచేస్తుందో కూడా చెప్పాలి. ప్యానెల్‌కు దగ్గరగా, కేబుల్ మొదట్లో షార్ట్ వస్తే ఫ్యూజు సెకనులో వందో వంతు కంటే ముందే కరుగుతుంది, కానీ ఆ లోపే బ్రేకర్ కూడా కదలవచ్చు. అంత తక్కువ సమయంలో గీతలను చూసి తీర్పు చెప్పలేము. ఫ్యూజు దాటనిచ్చే శక్తిని బ్రేకర్ తట్టుకుంటుందో లేదో తయారీదారు పరీక్షించి ఇచ్చిన పట్టికే చెప్పాలి. అందుకే తర్వాత ఇన్‌కమర్‌ను ఎలక్ట్రానిక్ ట్రిప్ ఉన్న దానితో మార్చి, ఓవర్‌లోడ్‌ను 320 ఆంపియర్లకు, షార్ట్‌కు కాస్త ఆగి పడే షార్ట్ టైమ్ ట్రిప్‌ను దానికి 10 రెట్లకు, ఆలస్యాన్ని 0.3 సెకన్లకు పెట్టాము. ఖరీదు ఎక్కువైనా, 3,200కు పైన ఫ్యూజుకు స్పష్టమైన సమయం దక్కింది. దీనిలోనూ ఆగకుండా వెంటనే పడే ఇన్‌స్టంటేనియస్ ట్రిప్ ఉంటుంది కనుక అతి పెద్ద షార్టులకు ఆ పట్టికే ఆధారం.

కరెంటు కోతలప్పుడు 125 కేవీఏ డీజిల్ జనరేటర్ మీద నడిపినప్పుడు ఈ లెక్కేదీ పనికిరాదు. దాని పూర్తి లోడు కరెంటు 174 ఆంపియర్లు, షార్ట్‌లో అది నిలకడగా ఇచ్చేది సుమారు మూడు రెట్లే. 520 ఆంపియర్లకు 200 ఆంపియర్ల ఫ్యూజు కరగడానికి అర నిమిషం దాటినా ఆశ్చర్యం లేదు, ఆ లోపు జనరేటర్ సొంత బ్రేకరే పడుతుంది. 63 ఆంపియర్ల ఫ్యూజయితే అదే కరెంటుకు సెకనులోపే పోతుంది. అందుచేత జనరేటర్ మీద పాలిషర్ నడపము. దీపాలు, ఎలివేటర్లు, నీటి పంపు వంటి 63 ఆంపియర్లు, అంతకు తక్కువ ఫీడర్లే నడుపుతాము.

ఫ్యూజు పోయినప్పుడల్లా మూడు ఫేజులవీ కలిపి, అదే తయారీ, అదే తరగతి ఫ్యూజులతో మారుస్తున్నాము. బయటికి బాగున్నట్లు కనిపించే మిగతా రెండూ సగం వేడెక్కి ఉంటే వాటి గీత ఎక్కడికి జరిగిందో ఎవరికీ తెలియదు. ఒక్క ఫేజే పోతే మోటారు రెండు ఫేజుల మీద తిరిగి కాలిపోకుండా పాలిషర్ స్టార్టర్‌లో సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకున్నాము.