నోట్‌బుక్ నుంచి రిపోర్టు దాకా: గూగుల్ షీట్‌తో నాలుగేళ్లు

మాది ముగ్గురం నడిపే చిన్న సంస్థ. ప్రతి శనివారం ఒంటరి మహిళలతో కూర్చుని పింఛను, ఆధార్ చిక్కులు చూస్తాం. మీటింగ్ నోట్స్ అంటే ఇదీ: "శని. 22 మంది. పింఛను గురించి చెప్పాం. ఇద్దరికి ఆధార్‌లో వయసు తప్పు. టీ 180." వెనక పేజీలో సంతకాలు, వేలిముద్రలు. దీన్నుంచే మూడు నెలలకోసారి దాతల సంస్థకు రిపోర్టు పంపాలి.

మొదటిసారి 12 వారాల హాజరు కూడి "214 మంది లబ్ధిదారులు" అని రాసి పంపాం. చూడ్డానికి వచ్చినాయన "పేర్ల జాబితా ఇవ్వండి" అన్నారు. తీరా లెక్కపెడితే మనుషులు 38 మందే. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు! తప్పు మాదే.

అప్పటినుంచి గూగుల్ షీట్‌లో ఒక మనిషి ఒక మీటింగ్‌కు వస్తే ఒక వరుస. A తేదీ, B ఆమె నంబరు, C పని, D ఏమైంది. పేరుతో లెక్కిస్తే లక్ష్మి, లక్ష్మీ, కె. లక్ష్మి ముగ్గురైపోతారు, అందుకే మనిషికో నంబరు. ఆ మూడు నెలలవీ మళ్లీ ఎక్కిస్తే సరిగ్గా 214 వరుసలు వచ్చాయి.

```
=COUNTUNIQUE(B2:B215)
```

ఒకే నంబరు ఎన్నిసార్లు వచ్చినా ఇది ఒక్కసారే లెక్కపెడుతుంది. 38 చూపింది. ఒక్కో నంబరు ఎన్ని వరుసల్లో ఉందో చూపేలా పివట్ టేబుల్ వేస్తే 9 మీటింగులకు పైగా వచ్చినవాళ్లు 11 మంది, ఒక్కసారే వచ్చి మానేసినవాళ్లు 13 మంది అని తేలింది. ఆ 13 కూడా రిపోర్టులో రాస్తాం. దాచితే తర్వాత ప్రశ్నలు మనకే.

ఫలితాల దగ్గర షీట్ చేసేది తక్కువ. "పింఛను గురించి చెప్పాం" అనేది మనం చేసిన పని, ఫలితం కాదు. నోట్స్ తిరగేసి ఒక్కొక్కరిని అడగాల్సిందే. పింఛను సమస్య ఉన్నవాళ్లు 21 మంది, సచివాలయంలో అర్జీ పెట్టినవాళ్లు 16, మంజూరైనవి 9. అందులో రెండు ఏప్రిల్‌లో వచ్చాయి, కాబట్టి మార్చి 31 నాటి రిపోర్టులో 7 అనే రాయాలి. ఆ రెండూ తర్వాతి దాంట్లోకి. "మేం ఇప్పించాం" అని కూడా రాయం. "అర్జీ నింపడంలో తోడ్పడ్డాం" అంటే చాలు. కొందరు సొంతంగానే తిరిగి సాధించుకున్నారు.

విసుగు పుట్టించేది నోట్స్‌ను షీట్‌లోకి ఎక్కించడం. ఫోన్‌లో చిన్న గళ్లలో వేలు పెడితే పక్క వరుస చెరిగిపోతుంది; లాప్‌టాప్ ఉంటేనే సుఖం. శనివారం రాత్రే కూర్చుంటే అరగంట పని. వదిలేస్తే ఆ "ఇద్దరికి వయసు తప్పు" ఎవరెవరికో మార్చికల్లా ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇప్పుడు నోట్‌బుక్‌లోనే ఆ మాట పక్కన నంబర్లు వేస్తున్నాం.

నోట్‌బుక్ మాత్రం మానలేదు. పోయిన తనిఖీలో షీట్ తెరిచి చూపిస్తే, "సరే, సంతకాల పుస్తకం ఏదీ?" అనే అడిగారు.