మొదట బీట్ సేబరా, మినీ గోల్ఫా?

కడప నుంచి రాయచోటి బస్సులో గువ్వలచెరువు ఘాట్ దాటేలోపే కడుపులో తిప్పేవారికి వీఆర్ హెడ్‌సెట్ అంటే భయం సహజమే. బస్సులో ఫోను చూస్తుంటే శరీరానికి తెలిసే కదలిక కంటికి కనిపించదు. హెడ్‌సెట్‌లో దీనికి తలకిందులు: కన్ను పరుగెత్తుతుంది, లోపలి చెవి మాత్రం నిలబడే ఉన్నామంటుంది. కాబట్టి ఇలాంటివారు మొదట ఏ ఆట ఆడాలో తేల్చాలంటే, ఆటలో మనల్ని ఎవరు కదిలిస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

బీట్ సేబర్‌లో మనం నిలబడిన చోటే ఉంటాం. పాట తాళానికి ఘనాలే ఎదురొస్తాయి, రెండు కత్తులతో నరకాలి. పాట కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది కనుక ఆగి, హెడ్‌సెట్ తీసి చూసుకునే వీలుంటుంది. చుట్టూ తిరగాల్సిన 360 డిగ్రీల పాటలు మొదట్లో వద్దు. మే నెల ఎండల్లో అయితే చెమటకు అద్దాలు మసకబారతాయి. ఫ్యాను ఎదురుగా పెట్టుకుంటే గాలి వచ్చే దిక్కును బట్టి గది ఎటుందో కూడా తెలుస్తుంది.

వాక్‌అబౌట్ మినీ గోల్ఫ్ నిదానమైన ఆట. బంతి దగ్గరికి జారుతూ వెళ్లే పద్ధతి వద్దు, ఒక్కసారిగా అక్కడ ప్రత్యక్షమయ్యే టెలిపోర్ట్ వాడాలి. చిక్కల్లా 18 గుంతల ఆట కావడమే, ఆపబుద్ధి కాదు. నాలుగు గుంతలకే ఆపండి.

నా ఓటు ముందు బీట్ సేబర్‌కే. ఏ ఆటైనా నోట్లో నీళ్లూరినా, ఒళ్లు వేడెక్కినా, చల్లటి చెమట పట్టినా వెంటనే హెడ్‌సెట్ తీసేయాలి. ఓర్చుకుంటే అలవాటవుతుందనే సలహా వినకండి, వికారం ముదురుతుందంతే.