ఏంజెల్‌తో మూడేళ్ళు: పీచు మిఠాయి వాసన ఎక్కడ హాయి, ఎక్కడ వెగటు

మ్యూగ్లర్ ఏంజెల్‌ని షాపులో కాగితం ముక్క మీద కొట్టించుకుని, రెండు నిమిషాల్లో "అబ్బో, మరీ తీపి" అని పక్కన పెట్టేసేవాళ్ళే ఎక్కువ. వాళ్ళ మాట తప్పేం కాదు. కాకపోతే ఈ సెంటులో అసలు సంగతి గంట దాటాక గానీ మొదలవదు. ఈ సమీక్ష ఒ ద పార్ఫ్యూమ్ రకం గురించి. 25 మి.లీ. సీసాలు, వారానికి నాలుగు రోజులు, రోజుకి ఒక్క స్ప్రే లెక్కన మూడేళ్ళ వాడకం. స్ప్రే ఒక్కదానికి సుమారు 0.1 మి.లీ. పోతుంది కాబట్టి సీసాకి 250 దాకా వస్తాయి, అంటే ఏడాది పైన. ఒక్క స్ప్రే చాలదనుకునేవాళ్ళు కింద ఎండల గురించి రాసిన భాగం ముందు చదవండి.

వెనిల్లా వాసన సెంటుల్లోకి కొత్తగా వచ్చిందేమీ కాదు. గెర్లాన్ వాళ్ళ జికీ సెంటులో 1889లోనే వెనిల్లా వాసననిచ్చే వెనిల్లిన్, ఎండుగడ్డి వాసననిచ్చే కౌమరిన్ రెండూ ఉన్నాయి. 1925 నాటి షాలిమార్‌కి వెన్నెముకే వెనిల్లా. కానీ అవి ముస్తాబు వాసనలు, నోరూరించేవి కావు. 1992లో ఒలివియే క్రెస్ప్ చేసిన ఏంజెల్‌తో ఆ గీత చెరిగిపోయింది. ఫ్యాషన్ డిజైనర్ తియెరీ మ్యూగ్లర్ అడిగింది చిన్నప్పటి తిరునాళ్ళ వాసన: పీచు మిఠాయి, చాక్లెట్, క్యారమెల్. ఈ తరహాకి "గూర్మాండ్" అన్న పేరు స్థిరపడింది ఇక్కడి నుంచే. ఫ్రెంచిలో ఆ మాటకి తిండి మీద యావ ఉన్నవాడని అర్థం.

పీచు మిఠాయి వాసనకి మూలం ఇథైల్ మాల్టాల్ అనే తెల్లటి పొడి. పంచదార కాలినప్పుడు, మాల్ట్ వేగినప్పుడు పుట్టే మాల్టాల్‌కి ఇది దగ్గర చుట్టం, వాసనలో దానికంటే కొన్ని రెట్లు గట్టిది, ప్రకృతిలో మాత్రం దొరకదు. అరిసెల పాకం ముదురుతున్నప్పుడు గిన్నె మీద నుంచి వచ్చే ఆవిరి తెలిసిన ముక్కు దీన్ని వెంటనే పట్టేస్తుంది. అయితే పాకంలో బెల్లం తాలూకు మట్టి వాసన, కాస్త చేదు కలిసి ఉంటాయి. ఇథైల్ మాల్టాల్‌లో అవి ఉండవు, ఉత్త తీపి. మామూలు చవక గూర్మాండ్ సెంటుల్లో జరిగే తప్పు ఇదే: తీపి పోస్తారు, దాన్ని నిలబెట్టే చేదు పొయ్యరు.

ఏంజెల్‌లో ఆ చేదు పని పచౌలీ అనే మొక్క ఆకుల నూనెది. తడిసిన మట్టి, పాత చెక్కపెట్టె, లోపల ఎక్కడో కర్పూరం ఛాయ. మొదటి ఇరవై నిమిషాలు పీచు మిఠాయి, పుల్లటి పండ్లు పైకి లేస్తాయి, పచౌలీ అడుగున గొణుగుతూ ఉంటుంది. గంటకి రెండూ సమానమై చాక్లెట్ అనిపిస్తుంది. చాలా సెంటుల్లో చాక్లెట్ అనిపించేది కోకో కాదు, ఈ రెండింటి కలయికే. నాలుగైదు గంటలకి తీపి కిందికి దిగి, వెనిల్లా, ఎండుగడ్డి, చెక్క మిగులుతాయి. నా లెక్కలో డబ్బు పెట్టేది ఈ చివరి భాగానికే. దుప్పటా మీదైతే మర్నాడు సాయంత్రానికి కూడా ఉంటుంది.

ఆ ఎండుగడ్డి కౌమరిన్‌ది. దక్షిణ అమెరికాలో పెరిగే టోంకా గింజలో ఇది ఎంత ఎక్కువంటే గింజ పైన తెల్లటి స్ఫటికాలుగా పేరుకుంటుంది. 1868లో విలియం పెర్కిన్ దీన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. మనకి దీంతో పరిచయం దాల్చినచెక్క ద్వారా ఉంది: బజారులో దొరికే మందపాటి కాసియా చెక్కలో కౌమరిన్ బాగా ఉంటుంది, శ్రీలంక పల్చటి చెక్కలో నామమాత్రం. వాసన తియ్యగానే ఉంటుంది గానీ పొడిగా ఉంటుంది, బాదం పొట్టులా. వెనిల్లా జిడ్డుని లాగేసేది ఇదే.

ఏది ఏ పని చేస్తోందో మాటల్లో కంటే ముక్కుకే బాగా తెలుస్తుంది. ఓపిక ఉన్నవాళ్ళు ఈ పరీక్ష చేసి చూడండి. సెంటు తయారీకి వాడే ఆల్కహాల్, 0.01 గ్రాము చూపించే చిన్న త్రాసు, డ్రాపర్లు కావాలి. వెనిల్లిన్ 1 గ్రాము 9 గ్రాముల ఆల్కహాల్‌లో, కౌమరిన్ 0.5 గ్రాము 9.5 గ్రాముల్లో, ఇథైల్ మాల్టాల్ 0.1 గ్రాము 9.9 గ్రాముల్లో, పచౌలీ నూనె 1 గ్రాము 9 గ్రాముల్లో, ఇలా నాలుగు సీసాలు. ఇథైల్ మాల్టాల్‌ని అంత పల్చగా ఎందుకంటే గట్టిగా కలిపితే మిగతా మూడూ వినిపించవు. ముందు ఖాళీ సీసాలో వెనిల్లిన్ 10 చుక్కలు వేసి కాగితం మీద చూడండి: బేకరీ బిస్కెట్, కస్టర్డ్ పౌడర్ డబ్బా, అంతే. దానికి కౌమరిన్ 5 చుక్కలు కలిపితే వాసన పొడిబారి కాస్త పెద్దదవుతుంది. ఇథైల్ మాల్టాల్ 4 చుక్కలు పడగానే మిఠాయి అవుతుంది, ఐదు నిమిషాలు పీలిస్తే తల బరువెక్కుతుంది. చివర్లో పచౌలీ 6 చుక్కలు. ఆ తల బరువు అక్కడితో తగ్గుతుంది, తీపి మాత్రం తగ్గదు. ఇది ఏంజెల్ కాదు, దాని అస్థిపంజరం. కాగితం మీద వాసన చూడ్డానికే, ఒంటికి రాసుకోవడానికి కాదు. నాలుగో సీసా కలిపే ముందూ కలిపాకా ఒక్కో కాగితం ముంచి పక్కపక్కన పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది.

ఇంతకీ తియ్యటి వాసన ఎందుకు ఊరటగా ఉంటుంది? తీపి రుచి మీద ఇష్టం పుట్టుకతోనే వస్తుంది, నవజాత శిశువు నాలుక మీద చక్కెర నీళ్ళు వేస్తే మొహం విప్పారుతుంది. కానీ ముక్కుకి తీపి తెలియదు, వెనిల్లిన్ వాసనలో చక్కెర లేదు. నాలుక మీద తీపి ఉన్నప్పుడల్లా ఏ వాసన తోడు వచ్చిందో దాన్ని మెదడు తీపి ఖాతాలో రాసేసుకుంటుంది. ఆస్ట్రేలియా పరిశోధకులు దీన్ని తేలిగ్గా చూపించారు: జనానికి అలవాటు లేని లిచీ వంటి వాసనలని చక్కెర నీళ్ళతో కలిపి కొన్నిసార్లు తాగించారు. తర్వాత ఉత్త వాసన చూపిస్తే మునుపటికంటే తియ్యగా ఉందన్నారు. వెనిల్లా విషయంలో ఈ పాఠం పాలపొడి, ఐస్‌క్రీం, పుట్టినరోజు కేకుతో బాల్యంలోనే అయిపోతుంది.

అంతా అలవాటే అని కొట్టిపారేయడానికీ లేదు. నెలలు నిండకుండా పుట్టి, మందులు వాడుతున్నా ఊపిరి ఆగిపోతూ ఉండే శిశువుల ఇంక్యుబేటర్‌లో ఫ్రాన్స్ వైద్యులు వెనిల్లిన్ వాసన పెట్టి చూశారు. 2005లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం ఊపిరి ఆగడాలు 36 శాతం తగ్గాయి. చూసింది 14 మంది పిల్లల్నే కాబట్టి దీని మీద మేడలు కట్టలేం. ఇంట్లో పసిపిల్లల దగ్గర సెంటు కొట్టడానికి ఇది అనుమతి అంతకంటే కాదు.

ఊరటకి ఇంకో మామూలు కారణం ఉంది, సెంటు వాడేవాళ్ళకే తెలిసేది. వెనిల్లిన్, కౌమరిన్, ఇథైల్ మాల్టాల్ మూడూ నెమ్మదిగా ఎగురుతాయి. నిమ్మ, నారింజ వాసనల్లా తళుక్కుమని పోవు. గంటల తరబడి ఒకే తీరుగా ఉండే వాసన గదిలో మనిషి ఉన్నట్టు అనిపిస్తుంది. కాకపోతే ఆ ఒకే తీరు వల్లే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. "రెండు గంటలకే పోయింది" అనే ఫిర్యాదుల్లో సగం ఇవే. సెంటు పోలేదు, మీకు వినిపించడం మానేసింది. మళ్ళీ కొట్టే ముందు పది నిమిషాలు ఆరుబయట తిరిగొచ్చి చూసుకోండి, లేదా ఇంట్లో ఎవరినైనా అడగండి. అడగకుండా మూడో స్ప్రే కొట్టి ఏసీ బస్సెక్కితే పక్క సీటువాళ్ళు కిటికీ వెతుక్కుంటారు, అది తెరుచుకోదు.

ఇక మన ఎండలు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లో పగటిపూట ఇది వద్దు. ఒంటి వేడికి మొదటి అరగంట తీపి అంతా ఒక్కసారి లేచిపోతుంది, చెమట ఉప్పదనంతో కలిసి పాకం మాడిన వాసన వస్తుంది. విశాఖ ఉక్కపోతలో వాసన ఒంటిని వదలదు, అది ఇంకో రకం ఇబ్బంది. వాడాలనుకుంటే రాత్రి భోజనాలయ్యాక, మెడకి కాకుండా నడుముకో మోకాలి వెనకో ఒక్క స్ప్రే. దీని కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి. అప్పుడు ఛాతీ మీద కొట్టి పైన చొక్కానో జాకెట్టో వేసుకుంటే వేడికి కొంచెం కొంచెంగా పైకి వస్తుంది. తలనొప్పి తత్వం ఉన్నవాళ్ళకి, వేవిళ్ళతో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఏ కాలంలోనూ వద్దు.

తెల్ల బట్టల మీద కొట్టకండి. ఈ సీసాలో ద్రవం లేత నీలం, అదొకటి. వెనిల్లిన్ ఎక్కువున్న ఏ సెంటుకైనా ఉన్న చిక్కు రెండోది: గాలికీ వెలుతురుకీ ముదురుతూ గోధుమరంగుకి తిరుగుతుంది, బట్ట మీద పసుపు మరకలా తేలుతుంది. సీసాలో రంగు ముదిరినంత మాత్రాన సెంటు పాడైనట్టు కాదు. మొదటి క్షణంలో పుల్లగానో వార్నిష్‌లానో అనిపిస్తే అప్పుడు అనుమానించాలి. బాత్రూమ్ అరలో కాకుండా బీరువాలో, అట్టపెట్టెతో సహా ఉంచితే ఏళ్ళు నిలుస్తుంది.

చిన్న సీసాల్లోకి మార్చుకునేవాళ్ళకి ఒక మాట. ఇథైల్ మాల్టాల్‌కి ఇనుము తగిలితే గులాబి, ఎరుపు రంగులోకి తిరుగుతుంది. చవకరకం స్ప్రే తలలో స్ప్రింగు తుప్పు పడితే గూర్మాండ్ సెంటులో అది ముందు రంగులోనే బయటపడుతుంది. గాజు సీసా తీసుకోండి, నింపేముందు కాస్త ఆల్కహాల్ పోసి రెండు రోజులు ఉంచండి. ఆ ఆల్కహాల్‌కి రంగు దిగినా, మూత దగ్గర తడి కనిపించినా ఆ సీసా పక్కన పడేయండి.

చర్మం సంగతి: కౌమరిన్ పడనివాళ్ళు కొద్దిమంది ఉంటారు. యూరప్ నిబంధనల వల్ల అది కొద్ది మోతాదు దాటితే పెట్టె మీద పేరు వేయాలి, కాబట్టి చూసుకోవచ్చు. ఇథైల్ మాల్టాల్ పేరు మాత్రం అక్కడ కనబడదు, పార్ఫ్యూమ్ అన్న ఒక్క మాటలో దాక్కుంటుంది. పెట్టె చదివి ఎంత తీపో చెప్పలేం. అందుకే కొనేముందు 2 మి.లీ. శాంపిల్ తెచ్చుకుని మూడు రోజులు వాడండి: ఒకటి ఏసీలో, ఒకటి ఎండలో, ఒకటి పడుకునే ముందు. నాలుగో రోజు పొద్దున్న దిండు గలీబు వాసన చూసి కొనాలో వద్దో తేల్చుకోండి.