కుండీ మట్టి మీద ముసిరే ఫంగస్ న్యాట్లు: జిగురు అట్టలా, మట్టి ఆరబెట్టడమా, బీటీఐ నీళ్లా?

నీళ్లు పోయగానే కుండీలోంచి లేచి ముఖం చుట్టూ తిరిగే ఆ సన్నని నల్ల ఈగలు కుట్టవు, ఆకులను తినవు, వారం పది రోజులకు మించి బతకవు. అయితే ఆ కొద్ది రోజుల్లోనే ఒక్కో ఆడ ఈగ తడి మట్టిలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు. నాలుగైదు రోజుల్లో గుడ్డు పొదిగి నల్లటి తల, గాజులాంటి ఒళ్లు ఉన్న పురుగు బయటికి వస్తుంది. అది సుమారు రెండు వారాలు పైమట్టిలోని బూజును, కుళ్లిన పదార్థాన్ని, ఒక్కోసారి లేత వేళ్లను తిని, ప్యూపాగా మారి, మరో నాలుగైదు రోజులకు ఈగై ఎగిరిపోతుంది.

మా ఇంట్లో కొబ్బరి పొట్టు ఎక్కువగా కలిపిన మిశ్రమంలో ఒక పీస్ లిల్లీ, దాని పక్కనే ఒక స్నేక్ ప్లాంట్ ఉండేవి. మొదట పసుపు జిగురు అట్టలు గుచ్చాను. అవి రెండు రోజుల్లోనే నల్లబడ్డాయి గానీ, మట్టిలోని పురుగులు యథాతథంగా ఎదుగుతుండడం వల్ల ఈగలు మాత్రం తగ్గలేదు. అందువల్ల అట్టను మందుగా కాక, ఈగల సంఖ్య వారం వారం పెరుగుతోందా తగ్గుతోందా అని తెలిపే కొలతగా చూడడమే సరైనది. పురుగులు ఉన్నదీ లేనిదీ తేల్చుకోవాలంటే పచ్చి బంగాళాదుంప ముక్కను మట్టిపై బోర్లించి, రెండు మూడు రోజుల తరువాత దాని అడుగు చూస్తే చాలు.

పైరెండు అంగుళాల మట్టి పూర్తిగా ఆరేదాకా నీళ్లు ఆపడం ఖర్చులేని పద్ధతి. గుడ్లూ పురుగులూ ఎక్కువగా అక్కడే ఉంటాయి, తడి లేకపోతే నిలవలేవు. కొబ్బరి పొట్టు పైకి ఎండినట్టు కనిపించినా లోపల చెమ్మ దాచుకుంటుంది కనుక వేలు దించి చూడాలి, కింది పళ్లెంలో నిలిచిన నీటినీ పారబోయాలి. స్నేక్ ప్లాంట్ విషయంలో ఇదొక్కటే సరిపోయింది. పీస్ లిల్లీ మాత్రం ఆకులన్నీ వాల్చేసింది.

అటువంటి మొక్కకు బీటీఐ, అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా, మేలు. ఈ బాక్టీరియాను దోమల పురుగులను చంపడానికి కూడా వాడతారు. పొడిని దాని చీటీలో చెప్పిన మోతాదులో నీటిలో కలిపి పోస్తే, దాన్ని తిన్న పురుగులు చస్తాయి. గుడ్లకు, ప్యూపాలకు, ఈగలకు ఏమీ కాదు. మట్టిలో దాని ప్రభావం కొద్ది రోజులే ఉంటుంది కనుక, కొత్తగా పొదిగిన పురుగులకూ అందేలా వారానికి ఒకసారి చొప్పున నాలుగు వారాలు పోయాలి. బీటీ అన్న పేరు చూసి గొంగళిపురుగులకు వాడే కుర్‌స్టాకీ రకాన్ని కొంటే ప్రయోజనం ఉండదు; ఇజ్రాయెలెన్సిస్ అని ఉండాలి.

మట్టిపై ఇసుక పరచడాన్ని నేను అంతగా నమ్మను, ఎందుకంటే ఈగలు అడుగు రంధ్రాల గుండా కూడా రాకపోకలు సాగిస్తాయి. తట్టుకోగల మొక్కకు మట్టి ఆరబెట్టడం, తట్టుకోలేని దానికి బీటీఐ అన్నదే నా ఎంపిక. ఏది చేసినా రెండో వారంలో ఈగలు కనిపిస్తూనే ఉంటాయి. అవి అప్పటికే ప్యూపా దశకు చేరినవి.