ఐదేళ్లు వాడిన స్మార్ట్ టీవీని చెల్లెలికి ఇచ్చేముందు: నా సమీక్ష

మా ఇంట్లో 43 అంగుళాల గూగుల్ టీవీ ఐదేళ్లు నడిచింది. బొమ్మ బాగుంది, సౌండ్ ఫర్వాలేదు, చివరి ఏడాదిలో మాత్రం కాస్త నెమ్మదించింది. ఈ మధ్య పెద్దది కొన్నాం కాబట్టి పాతది కాకినాడలో ఉన్న మా చెల్లెలికి ఇచ్చేశాం. టీవీ గురించి రాసేవాళ్లెవరూ దాన్ని ఇంకొకరికి ఇచ్చే రోజు గురించి రాయరు. అందుకే నేను ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నాను.

దీనికి ముందున్న టీవీని ఒక పరిచయస్తుడికి అమ్మాను. అప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో సైన్ అవుట్ చేసి, అంతే చాలనుకున్నాను. రెండు వారాలకు నా ఫోన్‌లో యూట్యూబ్ తెరిస్తే వరసగా పిల్లల బొమ్మల పాటలు. మా ఇంట్లో చిన్నపిల్లలు లేరు. హిస్టరీ చూస్తే రోజూ సాయంత్రం రెండేసి గంటలు ఎవరో చూస్తున్నారు. నా గూగుల్ అకౌంట్ ఆ టీవీలోనే ఉండిపోయింది! అప్పుడు myaccount.google.com లో Security కింద Your devices తెరిచి, ఆ టీవీ పేరు నొక్కి Sign out కొట్టాక ఆగింది. టీవీ చేతిలో లేకపోయినా అకౌంట్‌ను ఇలా తెంచుకోవచ్చని అప్పుడే తెలిసింది.

ఈసారి జాగ్రత్తపడ్డాను. ఒక్కో యాప్ లాగిన్ దేనికది వేరు. గూగుల్ అకౌంట్ తీసేస్తే నెట్‌ఫ్లిక్స్ పోదు, నెట్‌ఫ్లిక్స్ తీసేస్తే ప్రైమ్ పోదు. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం టీవీలో ఉన్న లాగిన్లు, వైఫై పాస్‌వర్డ్, యాప్‌లు అన్నీ తుడిచేస్తుంది. మరి రీసెట్ ఒక్కటే కొడితే సరిపోదా? టీవీ వరకు సరిపోతుంది. కానీ ఆ సంగతి అవతలి సర్వర్లకు తెలియదు. అక్కడి మన అకౌంట్‌లో ఆ టీవీ ఇంకా మనదిగానే కనబడుతుంటుంది. అందుకే ముందు యాప్‌లలో సైన్ అవుట్, తర్వాత రీసెట్. నెట్‌ఫ్లిక్స్‌లో ఎడమ మెనూలో Get Help లోపల Sign Out ఉంది. ప్రైమ్‌లో కూడా సెట్టింగ్స్‌లోంచే సైన్ అవుట్ చేశాను. మొత్తం పావుగంట పని.

రీసెట్ కోసం Settings లోంచి System, అందులో About, దాని లోపల Reset దాకా వెళ్లాలి. చాలా గూగుల్ టీవీల్లో దారి దాదాపు ఇదే, పేర్లు మాత్రం కంపెనీని బట్టి కొంచెం మారతాయి. ఐదేళ్లలో నేనెప్పుడూ అంత లోపలికి వెళ్లలేదు.

అక్కడే ఆగాల్సి వచ్చింది. మా రిమోట్ పాడై ఏడాది దాటింది, ఫోన్‌లోని గూగుల్ టీవీ యాప్‌నే రిమోట్‌గా వాడుతున్నాం. ఆ యాప్ పనిచేయాలంటే టీవీ, ఫోన్ ఒకే వైఫైలో ఉండాలి, ఒకదానికొకటి జత అయి ఉండాలి. రీసెట్ కొడితే రెండూ పోతాయి. టీవీ మొదటి స్క్రీన్ దగ్గర నిలబడిపోతే ముందుకు నొక్కడానికి ఏమీ ఉండదు. మా చెల్లెలు కాకినాడలో ఆ స్క్రీన్ ముందు కూర్చుని "అన్నయ్యా, ఇదెలా?" అని ఫోన్ చేసే పరిస్థితి. అందుకే ముందు మా మోడల్‌కు సరిపడే కొత్త రిమోట్ కొన్నాను. రిమోట్ దొరకనివాళ్లు టీవీ వెనక యూఎస్‌బీ పోర్టులో మామూలు కంప్యూటర్ మౌస్ పెట్టి చూడండి. తెర మీద బాణం గుర్తు వస్తే దానితోనే సెటప్ చేయవచ్చు.

వెనక పెన్‌డ్రైవ్ ఉంటే అది కూడా తీసేయాలి, మా పెళ్లి వీడియో అందులోనే ఉంది. లోపలి స్టోరేజీ తుడుచుకుపోయినంత మాత్రాన పెన్‌డ్రైవ్ ఖాళీ అవుతుందని అనుకోకూడదు.

ఇక రీసెట్ కొట్టాను. టీవీ ఆరిపోయి, లోగో వచ్చి, దాదాపు పది నిమిషాలు అలాగే ఉంది. పాడైందేమోనని భయం వేస్తుంది, అయినా అప్పుడు ప్లగ్ పీకకూడదు. చివరికి భాష ఎంచుకోమనే స్క్రీన్ వచ్చింది. అది వస్తే పని అయినట్టే. పాత హోమ్ స్క్రీన్ వస్తే మాత్రం రీసెట్ కాలేదని అర్థం. నేను అక్కడే ఆపేసి ప్యాక్ చేశాను. పనిచేస్తుందో లేదో చూద్దామని మళ్లీ మన అకౌంట్‌తో లాగిన్ అయితే చేసిందంతా వృథా.

ఒక్క సంగతి చెల్లెలికి ముందే చెప్పాను. రిమోట్‌లో మాట్లాడే బటన్ బ్లూటూత్ మీద నడుస్తుంది కాబట్టి, రీసెట్ తర్వాత మళ్లీ జత చేసేదాకా పలకదు. ఏ రెండు బటన్లు నొక్కిపట్టాలో సెటప్ మొదట్లోనే తెర మీద చూపించిందట. తను చేసేసుకుంది.

ఆ రాత్రి Your devices తెరిచి చూస్తే మా హాలు టీవీ పేరు ఇంకా కనబడింది. దాన్నీ తీసేశాను.