పాట డ్యాష్‌బోర్డు మధ్యకు రావాలంటే: కారు హెడ్ యూనిట్‌లో టైమ్ అలైన్‌మెంట్, రెండేళ్ల వాడకం తర్వాత

ఈ సమీక్ష బయటి ఆంప్లిఫయర్ లేకుండా నాలుగు డోర్ స్పీకర్లను నడిపే హెడ్ యూనిట్ గురించి. ఇందులో 13 బ్యాండ్ల ఈక్వలైజర్, ముందు వెనకల శబ్దం సర్దే ఫేడర్, కుడి ఎడమలది సర్దే బ్యాలెన్స్, దగ్గరి స్పీకర్లను కాస్త ఆలస్యం చేసి అన్నిటి శబ్దం ఒకేసారి చెవికి చేర్చే టైమ్ అలైన్‌మెంట్ ఉన్నాయి. రెండేళ్లలో తేలింది ఒకటే: ఎక్కువమంది ముందుగా ముట్టుకునేది ఈక్వలైజర్‌ని, కానీ దాని వంతు రావలసింది అన్నిటికన్నా చివర.

డ్రైవరు కుడివైపు కూర్చునే కారులో కుడి స్పీకర్ చెవికి దగ్గర. దాని శబ్దం ముందుగా చేరుతుంది కాబట్టి గాయకుడు కుడి తలుపులోంచి పాడుతున్నట్టు ఉంటుంది. దీన్ని బ్యాలెన్స్‌తో సరిచేయబోతే ఎడమవైపు శబ్దం పెరుగుతుందే గానీ, కుడివైపుది ముందుగా రావడం ఆగదు. చెవి ముందు వచ్చినదాన్నే నమ్ముతుంది. చివరికి గొంతు మధ్యకు రాదు సరికదా, అటూ ఇటూ చెదిరి పలచబడుతుంది.

కొలతలకు ముందు లౌడ్‌నెస్, బాస్ బూస్ట్ ఆపేయాలి. ఈక్వలైజర్, ఫేడర్, బ్యాలెన్స్ సున్నాలో పెట్టాలి. సీటును రోజూ నడిపే స్థానంలో ఉంచి, తల ఉండే చోటు నుంచి ఒక్కో స్పీకర్ మధ్యకు టేపు పట్టాలి. ఒక కారులో వచ్చిన కొలతలు ఇవి: ముందు ఎడమ 140 సెంటీమీటర్లు, ముందు కుడి 95, వెనక ఎడమ 130, వెనక కుడి 100. శబ్దం ఒక మిల్లీసెకనుకు సుమారు 34.3 సెంటీమీటర్లు వెళ్తుంది. అన్నిటికన్నా దూరమైన ముందు ఎడమ స్పీకర్‌కు ఆలస్యం సున్నా, మిగతావాటిని దానికోసం ఆపాలి. ముందు కుడి స్పీకర్ తేడా 45 సెంటీమీటర్లు, దాన్ని 34.3తో భాగిస్తే 1.31 మిల్లీసెకన్లు. అలాగే వెనక కుడికి 1.17, వెనక ఎడమకు 0.29.

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. కొన్ని యూనిట్లు దూరం అడిగి లెక్క తామే చేసుకుంటాయి, కొన్ని నేరుగా ఆలస్యం అడుగుతాయి. ఆలస్యం అడిగే చోట కొలిచిన దూరాలు కొడితే దూరపు స్పీకర్ ఇంకా ఆలస్యమవుతుంది, గొంతు మునుపటికన్నా కుడికి జరుగుతుంది. పాట అలా జరిగితే అంకెలు తిరగబడ్డాయని అర్థం.

సరిచూడడానికి రెండు వైపులా ఒకే శబ్దం వచ్చే మోనో రికార్డింగ్‌లో మనిషి మాట వినాలి. మాట అద్దం ముందు ఒక చోట చుక్కలా నిలవాలి. చోటు తెలియకుండా తల చుట్టూ కమ్మేసి, బాస్ కూడా పలచగా ఉంటే ఆలస్యాలతో కుస్తీ పడొద్దు. ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తీగలు తారుమారై ఉండవచ్చు. అది సరిచేయకుండా ఏ అంకె కూడా పనికిరాదు.

ఆలస్యాలు కుదిరాకే బ్యాలెన్స్. దగ్గరి స్పీకర్ కాస్త గట్టిగానే వినిపిస్తుంది కాబట్టి ఎడమకు ఒకటి రెండు మెట్లు చాలు. ఫేడర్‌ని, గాయకుణ్ని వెనక్కి లాగినట్టు అనిపించడం ఆగేవరకు ముందుకు జరపాలి. వెనక స్పీకర్లు పూర్తిగా ఆపితే ముందు వేదిక ఇంకా స్పష్టమవుతుంది, కానీ వెనక కూర్చున్నవాళ్లు ఊరుకోరు.

ఇక ఈక్వలైజర్‌లో పెంచడం కన్నా తగ్గించడమే మేలు. 6 డెసిబెల్స్ పెంచడమంటే ఆ పౌనఃపున్యంలో నాలుగు రెట్ల పవర్ అడగడం, చిన్న యూనిట్‌లో అది శబ్దం పగలడానికి దారి. గొంతు డొల్లగా గుమ్మంటే 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించాలి. చెవిలో గుచ్చుకుంటే 2.5 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య, ‘స’, ‘ష’లు ఈల వేస్తుంటే 6 నుంచి 8 మధ్య చూడాలి. ఏదైనా బ్యాండ్‌ను 3 డెసిబెల్స్ పెంచినా తేడా లేకపోతే దాన్ని వదిలేయండి. అక్కడ నేరుగా వచ్చిన శబ్దం, అద్దానికి తగిలి తిరిగొచ్చిన శబ్దం ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. పెంచితే రెండూ కలిసే పెరుగుతాయి.

లోపాలూ ఉన్నాయి. సన్నని శబ్దాలిచ్చే చిన్న స్పీకరైన ట్వీటర్ పైన, పెద్ద స్పీకర్ తలుపు కింద ఉండి రెండూ ఒకే ఛానెల్‌పై నడిస్తే రెండిటికీ ఒకటే ఆలస్యం, కాబట్టి ఆ రెండిటి మధ్య తేడా అలాగే మిగులుతుంది. ఈ యూనిట్‌లో కుడి, ఎడమలకు వేర్వేరు ఈక్వలైజర్ లేదు. పక్క సీటులో పాట ముందుకన్నా అధ్వానంగా వినిపిస్తుంది. అందుకే మెమరీలో ఒకటి డ్రైవర్‌కి, ఇంకొకటి ఆలస్యాలు లేకుండా అందరికీ పెట్టుకోవడం నయం. బ్యాటరీ తీసినప్పుడు ఈ యూనిట్‌లో సెట్టింగులు చెరిగిపోతాయి. స్క్రీన్‌ను ఫోనులో ఫొటో తీసి ఉంచుకుంటే అంకెలు మళ్లీ కొట్టడానికి అయిదు నిమిషాలే పడుతుంది.