ఫోటోల వానలో మునిగిన ఒక్క మెసేజ్: ఆండ్రాయిడ్ నోటిఫికేషన్ కూల్‌డౌన్ వాడాక

ఆండ్రాయిడ్ 16 2025 జూన్‌లో పిక్సెల్ ఫోన్లకు వచ్చింది కదా, నేను ఆ అప్‌డేట్ వేసుకున్నప్పటి నుంచి ఈ కూల్‌డౌన్ ఆన్‌లోనే ఉంది. నేను ఆన్ చేయలేదు, అదే ఆన్‌లో వచ్చింది. పని సింపుల్. తక్కువ టైములో ఒకే యాప్ నుంచి వరసగా మెసేజులు పడుతుంటే మొదటి ఒకటి రెండు మామూలు సౌండ్‌తో మోగుతాయి, ఆ తర్వాత సౌండ్ తగ్గిపోతూ ఉంటుంది, స్క్రీన్ మీదికి దూకడం కూడా తగ్గుతుంది. ఒకటి రెండు నిమిషాలు ఊపిరి పీల్చుకున్నాక మళ్ళీ మామూలు అయిపోతుంది. మెసేజ్ ఏదీ పోదు, పైనుంచి కిందికి లాగితే అన్నీ అక్కడే ఉంటాయి.

మా చుట్టాల గ్రూపులో పెళ్ళి ఫోటోలు పడే రోజుల్లో ఇది దేవుడిలా అనిపించింది. ముప్పై నలభై ఫోటోలు పడ్డా ఫోను రెండు సార్లు మోగి ఊరుకునేది.

కానీ ఒక రోజు నష్టపోయాం. గుర్రంపోడు వైపు మాకు బత్తాయి తోట ఉంది, తమ్ముడు చూసుకుంటాడు, నేను నల్గొండలో షాపులో ఉంటాను. ఆ రోజు పొద్దున బేరగాడు తోటకొచ్చాడు. తమ్ముడు కాయ ఎలా ఉందో చూపిద్దామని చెట్టు చెట్టుకూ తిరిగి పద్నాలుగు ఫోటోలు వాట్సాప్‌లో పెట్టి, వాటి వెనకాలే "టన్ను ఇరవై రెండు వేలు అంటున్నడు అన్నా, ఇయ్యాల్నా?" అని రాశాడు. నా ఫోను కౌంటర్ మీదే ఉంది. మొదటి ఫోటోలకు మోగింది, గిరాకీలో ఉండి తర్వాత చూద్దాంలే అనుకున్నా. అసలు మాట వచ్చేసరికి సౌండ్ దాదాపు లేదు. నేను చూస్తున్నానని వాడు అక్కడ ఎదురు చూశాడు, ఇరవై నిమిషాలకు బేరగాడు ఇంకో తోటకు పోయాడు.

మొదట నాకు ఫోను పాడైందేమో అనిపించింది. నోటిఫికేషన్ వాల్యూమ్ చూస్తే ఫుల్ ఉంది, డు నాట్ డిస్టర్బ్ ఆఫ్‌లో ఉంది, తమ్ముడి చాట్ మ్యూట్‌లో లేదు. అప్పుడు ఇంట్లో కూర్చుని పరీక్ష పెట్టా. మా ఆవిడ ఫోను నుంచి ఎనిమిది మెసేజులు టపటపా పంపమన్నా, చివరివి నీరసపడ్డాయి. మూడు నిమిషాలు ఆగి ఇంకొకటి పంపమంటే గట్టిగా మోగింది. అంతే, దొరికిపోయింది. చాట్ మ్యూట్‌లో ఉంటే మొదటిది కూడా మోగదు. మొదటిది మోగి, తర్వాతవి తగ్గి, కాసేపాగితే మళ్ళీ మోగితే అది కూల్‌డౌనే.

ఆఫ్ చేయాలంటే Settings లో Notifications, అందులో Notification cooldown కు పోయి Use notification cooldown ఆపేయాలి. దొరక్కపోతే సెట్టింగ్స్ పైన సెర్చ్‌లో cooldown అని కొట్టండి, అయినా రాకపోతే మీ ఫోన్‌కు ఇంకా రానట్టే. నాకు నచ్చనిది ఒకటే: ఇది మొత్తం ఫోన్‌కు ఒకే స్విచ్, ఈ యాప్‌కు ఉండాలి ఆ యాప్‌కు వద్దు అనే వీలు అక్కడ లేదు.

నేను ఆఫ్ చేయలేదు. కాల్స్, అలారాలు, ప్రయారిటీ చాట్లను ఇది ముట్టుకోదు కాబట్టి తమ్ముడి చాట్‌ను ప్రయారిటీ చేశా. వాడి మెసేజ్ వచ్చినప్పుడు ఆ నోటిఫికేషన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే Priority అని కనిపిస్తుంది, అది ఎంచుకుని సేవ్ చేయాలి. లేదంటే Notifications లోనే Conversations లో కూడా ఉంటుంది. అప్పటి నుంచి వాడి మెసేజ్ నోటిఫికేషన్ల వరసలో పైనే ఉంటుంది, ఫోటోకు చుట్టూ రింగు కూడా వస్తుంది.

అయితే దీనికీ ఒక లెక్క ఉంది. ప్రయారిటీ ఇస్తే ఆ మనిషి పంపే ప్రతిదీ ఫుల్ సౌండే, పద్నాలుగు ఫోటోలకు పద్నాలుగు సార్లు మోగుతుంది. ఫోను ఏది ఫోటో, ఏది ధర అని చూడదు, ఎవరు పంపారనేదే చూస్తుంది. అందుకే నా దగ్గర తమ్ముడు, ఇంట్లోవాళ్ళు, లారీ డ్రైవరు మాత్రమే ప్రయారిటీలో ఉన్నారు. గ్రూపులకు ఇవ్వకండి, ఇస్తే కూల్‌డౌన్ ఉన్నా లేనట్టే. చాట్ కాని నోటిఫికేషన్లకు ఈ ప్రయారిటీ ఆప్షనే రాదు, అది కూడా గుర్తుంచుకోండి.

తమ్ముడికీ ఒకటి చెప్పా: ఫోటోలు ఎన్నైనా పెట్టు, ధర మాత్రం ఫోన్ చేసి చెప్పు. మొన్నటి కోతకు అలాగే చేశాడు, పన్నెండు ఫోటోలు పడుతుండగానే రింగ్ ఫుల్లుగా మోగింది, బేరం ఫోన్‌లోనే తెగింది.